అసలు ప్రతి, దిద్దిన ప్రతి

బెంగుళూరులో రెండు మూడు తరాలుగా కాపురమున్న మన తెలుగు కుటుంబాలలో ఒక ప్రత్యేకమైన ఇంగ్లీషు తయారయింది. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం, ఉత్తరాలలో ఇంగ్లీషు. మూడూ ఒకే నోటిలో కాపురం చేస్తూ ఉండటం వల్ల ఇంగ్లీషు మాటలు వేసుకొని తెలుగు వాక్యం నడుస్తూ ఉంటుంది. మనలో మనకు దానితో ఏ చిక్కూ లేదు. మనం వ్రాసింది పక్కింటి కన్నడిగునికీ, ఎదురింటి తమిళునికీ చక్కగా అర్థమవుతుంది. ఆ ఉత్తరాన్ని మంచి ఇంగ్లీషు చదువుకున్న వారెవరైనా దిద్దినప్పుడే చిక్కు వస్తుంది. భాష బాగుపడుతుంది, సంగతి మారిపోతుంది. చదవేస్తే ఉన్న మతి పోయినట్లు అని మన పెద్దలు అన్నది మనుషులను గురించే గాని, ఉత్తరాలకు కూడా అది బాగానే వర్తిస్తుంది.

పూర్వం ఉత్తరమంటే ఒక కాగితం, ఒక సంతకం. ఇప్పుడు అద్దె ఇంటి సంగతి మొదలు ఆస్తి పంపకాల దాకా అన్నీ ఈమెయిలు మీదనే నడుస్తున్నాయి. అది మాటవరసకు వ్రాసుకొనేది కదా అని తేలికగా తీసుకోవటానికి వీలు లేదు. ఉభయులు సంతకాలు పెట్టిన ఒప్పందపత్రం లేకపోయినా, ఈమెయిళ్ళ ద్వారానే ఒప్పందం కుదిరినట్లని 2010లో సుప్రీంకోర్టు ఒక వ్యాపార తగాదాలో తీర్పు చెప్పింది. ఇటువంటి లిఖితాలను సాక్ష్యంగా తీసుకొనే విధానం 2024 జూలై 1 నుండి అమలులోకి వచ్చిన కొత్త సాక్ష్య చట్టంలోనూ ఉంది. కనుక దిద్దినవారు మార్చిన మాట కూడా పంపినవారి మాటే అవుతుంది. మనుమరాలు దిద్దిందండీ అంటే అవతలివాడు ఒప్పుకోడు.

మనుమరాలు అని ఊరికే అనలేదు. మల్లేశ్వరంలో మాకు తెలిసిన ఒక పెద్దమనిషి ఉన్నారు. ఉద్యోగం చాలించి చాలా కాలమైంది. మేడమీది భాగం అద్దెకిచ్చారు. అద్దెకున్నవారు ఉత్తరాదివారు, తెలుగూ రాదు, కన్నడమూ రాదు. అద్దె 25,000 రూపాయలు. మన ఊరి పాత పద్ధతి ప్రకారం పది నెలల అద్దె, అంటే 2,50,000 రూపాయలు, డిపాజిట్టు. ఒప్పందం పదకొండు నెలలకు. ఏడాదికి మించిన కౌలు ఒప్పందాలను రిజిస్టరు చేయించాలని 1908 నాటి చట్టం చెబుతుంది గనుక, ఊరంతా పదకొండు నెలల మంత్రమే జపిస్తుంది. ఆ గడువు 2025 జూన్ 30తో తీరుతుంది. ఇల్లు ఖాళీ చేయటం, తనిఖీ, డిపాజిట్టు వాపసు, ఈ మూడు సంగతులూ తెలుపుతూ ఆయన జూన్ 3వ తేదీ ఉదయం ఇంగ్లీషులో ఒక ఈమెయిలు తయారు చేశారు. ఆఫీసులో చేరి ఏడాదైనా కాని మనుమరాలు దానిని దిద్ది పెట్టింది. ఆయన రెంటినీ అచ్చు తీయించి పట్టుకొని వచ్చారు.

“నాయనా, పిల్ల దిద్దింది బాగుంది. చదువుతూంటే మా పాత దొర వ్రాసినట్లే ఉంది. కాని ఇది నేను వ్రాసిందేనా అని అనుమానంగా ఉంది. నీవు ఆఫీసులో చేసే పని ఇదే కదా, ఒకసారి చూచి పెట్టు,” అన్నారు.

ఆఫీసులో మా పని అదే, నిజమే. చిత్తుప్రతి నుండి శుభ్రప్రతి తయారయిన తరువాత ఒకరు చిత్తు పట్టుకొని పైకి చదవాలి, ఇంకొకరు శుభ్రప్రతి పట్టుకొని వింటూ కంటితో వెంబడించాలి. కోర్టుల నుండి తెచ్చుకొన్న పాత నకళ్ళు మీ ఇళ్ళలో ఉంటే వాటి అడుగు భాగం చూడండి. నకలు వ్రాసినవారి పొడి అక్షరాలు ఒకచోట, సరిపోల్చినవారివి మరొకచోట ఉంటాయి. ఇద్దరూ వేర్వేరు మనుషులు. వ్రాసినవాడే పోల్చితే తాను వ్రాయదలచుకొన్నదే అతనికి కనబడుతుంది గాని వ్రాసింది కనబడదు. ఇంగ్లీషు దిద్దుబాటుకూ అంతే. దిద్దినవారు ఎంత నేర్పరులైనా పోల్చే పని మాత్రం మరొకరిది కావాలి.

అయితే నకలు పోల్చటానికీ, దిద్దిన ఉత్తరం పోల్చటానికీ ఒక పెద్ద భేదం ఉంది. నకలులో ఒక్క అక్షరం కూడా మారరాదు గనుక మారిన ప్రతి చోటా తప్పే. దిద్దిన ఉత్తరంలో మారటం కోసమే కదా దిద్దించటం! ఈ ఉత్తరంలో ఇరవై పైచిలుకు చోట్ల మార్పులున్నాయి. వాటిలో అధిక భాగం మంచివే. తేదీని 12/06 అని అంకెలలో ఉన్నదానిని ఆ అమ్మాయి నెల పేరు పెట్టి 12 జూన్ అని వ్రాసింది. అమెరికావారు ఆ అంకెలను డిశంబరు 6 అని చదువుతారు గనుక అది మెచ్చదగిన దిద్దుబాటు. 2,37,500 అన్న అంకెలో కామా స్థలం మార్చి 237,500 అన్నది. రూపు మారింది గాని మొత్తం మారలేదు, పోనిద్దాం. ఇటువంటి ఇరవై మంచి మార్పుల మధ్య నాలుగైదు చెడ్డవి దాగి ఉంటాయి. మంచివాటిని ఒప్పుకొంటూ ఒప్పుకొంటూ పోయిన కన్ను, ఆ వేగంలో చెడ్డవాటిని కూడా ఒప్పుకొని సాగిపోతుంది.

పైగా అవి వ్యాకరణరీత్యా తప్పులు కావు. తప్పుగా ఉన్న వాక్యం దగ్గర ఎవరైనా ఆగుతారు. నున్నగా ఉన్న వాక్యం దగ్గర ఎవరూ ఆగరు. 2013లో జర్మనీలో డేవిడ్ క్రీసెల్ అనే కంప్యూటరు శాస్త్రజ్ఞుడు బయటపెట్టిన సంగతి ఇక్కడ చెప్పుకోదగినది. ఒక ఇంటి ప్లానును జెరాక్స్ కంపెనీ యంత్రంలో స్కాను చేస్తే, గదుల వైశాల్యాలు మారిపోయి వచ్చాయి. అసలు ప్లానులో ఒక గది 14.13, ఒకటి 21.11, ఒకటి 17.42 చదరపు మీటర్లు. నకలులో మూడూ 14.13! అంకెలు అలుక్కుపోయినట్లు గాని, చెదిరినట్లు గాని లేవు. దివ్యంగా అచ్చయి ఉన్నాయి. ఆ యంత్రం చోటు కలిసి రావటానికి ఒకదానినొకటి పోలిన ముక్కలను ఒకే ముక్కగా లెక్కించి, ఒకచోటి ముక్కను ఇంకొకచోట అతికిస్తున్నదట. కంపెనీవారు తరువాత యంత్రాల సాఫ్ట్‌వేరును సరిచేశారు. పెద్ద గదికీ చిన్న గదికీ ఒకే వైశాల్యం ఉండటమేమిటని ఒక మనిషి అసలుతో పోల్చి చూచాడు గనుక అది బయటపడింది. దిద్దుబాటులో జరిగేదీ ఇంచుమించు ఇదే. మన వింత మాట స్థానంలో దానిని పోలిన ఒక మామూలు మాట వచ్చి, అందంగా కూర్చుంటుంది.

ఇక ఉత్తరం సంగతికి వద్దాం. మేము దిద్దిన ప్రతిని ముందు చూడలేదు. దానిని బోర్లించి పెట్టి, అసలు ప్రతిని మాత్రమే చదివి, అందులోని సంగతులను ఒక తెల్లకాగితం మీద తెలుగులో ఒకదాని క్రింద ఒకటి వ్రాశాము. ఎవరు, ఎవరికి, ఎంత, ఎప్పుడు, ఏ షరతు మీద, ఎవరు చెప్పగా. తెలుగులో ఎందుకంటే, ఇంగ్లీషులో వ్రాస్తే ఆయన మాటలే మళ్ళీ దింపుతాము. తెలుగులో వ్రాయాలంటే అర్థం చేసుకొని తీరాలి. అర్థం కాని చోట కలం ఆగిపోతుంది, ఆయననే అడుగుతాము. దిద్దిన ప్రతిని ముందే చదివితే, దాని అర్థమే అసలు ప్రతిలోనూ ఉన్నట్లు మనసుకు తోచటం మొదలవుతుంది. ఆ తరువాత ఎంత పోల్చినా ప్రయోజనం తక్కువ.

మా కాగితం మీద మొదటి సంగతి, “ఏప్రిల్, మే నెలల జలమండలి బిల్లు మీరే చెల్లించారు.” ఆయన ఇంగ్లీషులో “యు ఓన్లీ పెయిడ్” అని వ్రాశారు. మన తెలుగు ఏకారాన్ని, కన్నడంవారి ‘నీవే’ లోని ఏకారాన్ని ఇంగ్లీషులోకి తేవటానికి మన ఊరివారంతా ‘ఓన్లీ’ వాడతారు. నేనే వచ్చాను అంటే “ఐ ఓన్లీ కేమ్.” ఇక్కడ ఆయన ఉద్దేశం ఏమిటంటే, ఇంటివారు చెల్లించవలసిన ఆ బిల్లును అద్దెవారే చెల్లించారు గనుక ఆ సొమ్ము తాను వాపసు ఇవ్వవలసి ఉన్నదని. నిజాయితీపరుడైన మనిషి. ఇప్పుడు దిద్దిన ప్రతి తిరగవేసి చూస్తే, “యు హావ్ పెయిడ్ ఓన్లీ ది వాటర్ బిల్” అని ఉంది. అంటే, నీళ్ళ బిల్లు మాత్రమే కట్టారు, తక్కినవి ఎగవేశారు! ఒక్క మాటను రెండు మెట్లు జరిపేసరికి కృతజ్ఞత కాస్తా నింద అయిపోయింది. ఆ అమ్మాయి చేసింది ఇంగ్లీషు బడిలో నేర్పిన పద్ధతే. ‘ఓన్లీ’ అనే మాట దేనికి సంబంధించిందో దాని పక్కనే ఉండాలని నేర్పుతారు. దేనికి సంబంధించిందో మాత్రం తాతగారి తెలుగు తెలిస్తేనే తెలుస్తుంది.

రెండవది ఇంకా తమాషాగా ఉంది. “మీరు చేరేటప్పటికి అన్ని గదులకూ రంగు వేయలేదు, కనుక రంగు నిమిత్తం సగం నెల అద్దె మాత్రమే తగ్గించుకొంటాను” అని ఆయన భావం. ఇంగ్లీషులో “ఆల్ ది రూమ్స్ వర్ నాట్ పెయింటెడ్.” దిద్దిన ప్రతిలో “నన్ ఆఫ్ ది రూమ్స్ వాజ్ పెయింటెడ్.” ఒక్క గదికీ రంగు వేయలేదట. పాఠకులు ఒక్కసారి తెలుగు వాక్యాన్నే పైకి చదివి చూడండి. “అన్ని గదులకూ రంగు వేయలేదు.” ‘అన్ని’ అనే మాటను నొక్కి పలికితే కొన్నింటికి వేశామని అర్థం. నొక్కకుండా పలికితే ఏ గదికీ వేయలేదని అర్థం. నోటితో చెప్పేటప్పుడు గొంతు ఈ భేదం చూపుతుంది, కాగితం మీద గొంతు ఉండదు. అందువల్ల ఇక్కడ దిద్దినవారిది తప్పనటానికి వీలు లేదు. అసలులోనే రెండర్థాలున్నాయి, ఆ అమ్మాయి ఒకటి ఎన్నుకొన్నది. మేము రెండు ప్రతులనూ ఎంతసేపు పక్కపక్కన పెట్టి చూచినా ఇది తేలదు. వ్రాసినవారిని అడగవలసిందే.

అడిగాము. “హాలుకూ, ముందు గదికీ వేయించాను. వంటింటికీ, వెనుక గదికీ వేయించలేదు. అందుకే కదా సగం!” అన్నారు. చూడండి, సగానికి కారణం అక్కడ ఉంది. ఏ గదికీ రంగు వేయించలేదని ఆయన సంతకంతోనే వెళ్ళి ఉంటే, అద్దెవారు “మరి 12,500 రూపాయలు దేనికి తగ్గిస్తారు?” అని అడిగేవారు. అడగటం న్యాయమే. లెక్క సరిగానే ఉంది, 2,50,000లో 12,500 పోతే 2,37,500. దిద్దిన ప్రతిలోనూ ఆ అంకెలే ఉన్నాయి. అంకెలు మాత్రం సరిచూచి ఊరుకొనేవారికి ఇది దొరకదు. అంకె మారకుండానే అంకెకు ఉన్న ఆధారం ఊడిపోయింది.

మూడవ సంగతి దగ్గర మాకు కొంచెం గుండె ఝల్లుమన్నది. తాళంచెవులు తీసుకోవటానికి “మై కో-బ్రదర్” వస్తారని ఆయన వ్రాశారు. తోడల్లుడు. కన్నడిగులు షడ్డక అంటారు. భార్య అక్కచెల్లెళ్ళ భర్తకు ఇంగ్లీషువారికి విడిగా ఒక మాట లేదు గనుక మన దక్షిణాదివారు ‘కో-బ్రదర్’ తయారు చేసుకొన్నారు. దిద్దిన ప్రతిలో ‘కో’ ఎగిరిపోయి “మై బ్రదర్” మిగిలింది. మామూలు ఇంటిలోనైతే నవ్వుకొని వదిలేయవచ్చు. కాని ఈ పెద్దమనిషికి సొంత తమ్ముడు ఉన్నారు, ఆ ఇంటి మేడభాగం విషయమై ఆ తమ్ముడితో కొన్నేళ్ళుగా మనస్పర్థ ఉంది. ఆ తమ్ముడు వచ్చి తాళాలు అడిగితే, ఇంటాయన వ్రాసిన ఉత్తరం చూపి అద్దెవారు నిక్షేపంగా ఇచ్చివేస్తారు. వారి తప్పేమీ లేదు. పైగా, తాళాలు మా తమ్ముడికి ఇవ్వండని అన్నగారే వ్రాసిన కాగితం తమ్ముడి చేతిలో ఉంటుంది. అది ఎంత దూరం పోతుందో చెప్పనక్కరలేదు.

ఆ అమ్మాయిని పిలిచి అడిగితే, “అంత తేడా ఉంటుందనుకోలేదు బాబాయిగారూ, అది స్పెల్లింగు తప్పేమో అనుకొన్నాను,” అన్నది. మన పిల్లలకు చుట్టరికాలన్నీ అంకుల్, కజిన్ అనే రెండు సంచులలో పట్టిపోతున్నాయి. బావగారు, బావమరిది, మరిది, తోడల్లుడు, వియ్యంకుడు అనే మాటలలో ఎవరికి ఎవరి ఆస్తిలో హక్కున్నదో, ఎవరికి లేదో కూడా ఇమిడి ఉంటుంది. కాబట్టి చుట్టరికపు మాట ఉన్న చోట మనిషి పేరు కూడా వ్రాయటం క్షేమం. ఈ ఉత్తరంలో ఆ తరువాత అలాగే చేశాము. పూర్తి పేరు, పక్కన “నా భార్య చెల్లెలి భర్త” అని నాలుగు మాటలు. ఇంగ్లీషు సొగసు కొంత తగ్గింది. తగ్గనివ్వండి.

తక్కినవి త్వరగా చెబుతాము. 12వ తేదీన జరగవలసిన తనిఖీని ఒక వారం “ప్రీపోన్” చేయమని ఆయన కోరారు, అంటే 5వ తేదీకి ముందుకు జరపమని. తోడల్లుడు 8వ తేదీన కడపకు ప్రయాణం కావటం దానికి కారణం. దిద్దిన ప్రతిలో అది “పోస్ట్‌పోన్” అయి, తనిఖీ 19వ తేదీకి పోయింది. ‘ప్రీపోన్’ మన దేశంలో పెరిగిన వాడుక. ఆక్స్‌ఫర్డ్ నిఘంటువులు కూడా దానిని భారతీయుల ఇంగ్లీషుగా చేర్చుకొన్నాయి. అయినా పరదేశపు నిఘంటువు పెట్టుకొన్న కంప్యూటరు దానిక్రింద ఎర్రగీత గీస్తుంది. ఎర్రగీత చూచి, దగ్గరగా ఉన్న మాట ఎంచుకోవటం ఎవరికైనా సహజమే. ఇక్కడ మాత్రం దగ్గర మాట తలక్రిందుల మాట.

గీజరు గొట్టం సంగతి వేరు రకం. “మంచం జరిపేటప్పుడు విరిగి ఉండవచ్చునని ప్లంబరు అంటున్నాడు” అని అసలు. “మంచం జరిపేటప్పుడు మీరు గీజరు గొట్టం విరగగొట్టారు” అని దిద్దుబాటు. డొంకతిరుగుడు లేకుండా సూటిగా వ్రాయాలని ఈ కాలపు ఇంగ్లీషు పుస్తకాలు బోధిస్తాయి. ఆ బోధ ప్రకారం ప్లంబరూ పోయాడు, ‘ఉండవచ్చు’ కూడా పోయింది. సందేహం కాస్తా నేరారోపణ అయింది. విన్నదానిని విన్నదిగానే, ఊహను ఊహగానే ఉంచారా లేదా అన్నది వేరుగా ఒకసారి చూడవలసిన సంగతి. ‘సుమారు’, ‘బహుశా’, ‘నాకు తెలిసినంతవరకు’, ‘ఫలానావారు చెప్పగా’ అనే మాటలు దిద్దేవారి కంటికి పొట్టుగా కనబడి, మొదట ఎగిరిపోతాయి.

ఇంతవరకూ అసలు నుండి దిద్దిన ప్రతి వైపు నడిచాము. ఇలా నడిచినప్పుడు మరొకటి దొరికింది. “ఈ సంగతి మే 28న ఫోనులోనే చెప్పాను” అన్న వాక్యం దిద్దిన ప్రతిలో ఎక్కడా లేదు. ఇదంతా మళ్ళీ వ్రాస్తున్నారు కదా, చెప్పిన ముచ్చట ఎందుకని తీసివేసిందట. కాని అద్దెవారికి ముందుగా తెలిపిన తేదీకి అదొక్కటే ఆధారం. దిద్దిన ప్రతిని మాత్రం పదిసార్లు చదివినా లేనిది కనబడదు. లేనిది కనబడాలంటే అసలు చేతిలో ఉండి తీరాలి.

ఆ తరువాత ఎదురు నడక. దిద్దిన ప్రతిలోని ఒక్కొక్క వాక్యాన్ని తీసుకొని, ఇది మా తెల్లకాగితం మీద ఎక్కడ ఉంది అని వెదికాము. చివరి వాక్యంలో డిపాజిట్టు మిగులు “వెంటనే” చెల్లిస్తానని ఉంది. అసలులో “తనిఖీ అయిన తరువాత” అని మాత్రమే ఉంది. మర్యాదగా ఉంటుందని ‘వెంటనే’ చేర్చిందట. ఆయన సొమ్ము బ్యాంకులో గడువు డిపాజిట్టులో ఉంది, తీయటానికి నాలుగు రోజులు పడుతుంది. మర్యాద కొరకు చేర్చిన మాటలు తరచు వాగ్దానాలై కూర్చుంటాయి. ఈ ఎదురు నడక లేకపోతే అవి పట్టుబడవు.

విరామచిహ్నాలను గురించి ఒక్కమాట. వాటిని కూడా పైకి చదవాలని మా ఆఫీసులలో పాత నియమం. కొత్తగా చేరినవారు నవ్వుతారు. అమెరికాలో 1870 నాటి సుంకాల చట్టంలో సుంకం లేని వస్తువుల పట్టికలో ‘పండ్ల మొక్కలు’ అని ఉండేది. 1872లో ఆ పట్టికను తిరగ వ్రాసినప్పుడు ఆ రెండు మాటల నడుమ ఒక కామా పడి, ‘పండ్లు, మొక్కలు’ అయింది. మొక్కలతోపాటు పండ్లకు కూడా సుంకం లేదని వర్తకులు వాదించారు, గెలిచారు. చట్టాన్ని మళ్ళీ సరిచేసేలోగా ఖజానాకు దాదాపు 20 లక్షల డాలర్లు నష్టమని చెబుతారు. తెలుగులో ‘పండ్ల’కూ ‘పండ్లు’కూ చెవికి కూడా భేదం తెలుస్తుంది. ఇంగ్లీషులో ఆ భేదమంతా ఆ చిన్న గీతలోనే ఉన్నది.

ఈ పోల్చే పనికి యంత్ర సహాయం లేకపోలేదు. రెండు ప్రతులనూ వేర్వేరు ఫైళ్ళుగా భద్రపరచి, మైక్రోసాఫ్ట్ వర్డ్‌లో Review అనే చోట Compare నొక్కి, అసలు ప్రతిని Original document అన్న గడిలోను, దిద్దిన ప్రతిని Revised document అన్న గడిలోను చూపితే, తీసివేసిన మాటలు, చేర్చిన మాటలు రంగులలో కనబడతాయి. పోయిన మే 28 వాక్యం ఇందులో తక్షణం దొరుకుతుంది. అది నిజంగా మేలు. కాని ఏ మార్పు అర్థాన్ని తాకిందో, ఏది తాకలేదో అది చెప్పదు. కామా మారినా, ‘కో’ ఎగిరిపోయినా దానికి ఒకటే రంగు. వాక్యాలను చాలావరకు తిరగ వ్రాసినట్లయితే కాగితమంతా హోళీ ఆడినట్లు అయి, ఏదీ తెలియకుండా పోతుంది. అప్పుడు మళ్ళీ మన తెల్లకాగితమే గతి. ఇంకొక సంగతి. ఈమెయిలు డ్రాఫ్టులోనే దిద్దితే పాత మాట మీద కొత్త మాట పడి, అసలన్నదే మిగలదు. దిద్దటానికి ఇచ్చే ముందు అసలుకు ఒక నకలు తీసి పెట్టుకోకపోతే పోల్చటానికి ఏమీ ఉండదు.

దస్తావేజులలో ఈ మాట ఏనాడో గుర్తించారు. కొట్టివేత, వరుసల మధ్య చేర్పు, ఖాళీ, మార్పు ఏది ఉన్నా, వ్రాసియిచ్చినవారు దాని దగ్గర సంతకమో పొడి అక్షరాలో పెట్టి ధృవీకరించకపోతే రిజిస్ట్రారు ఆ దస్తావేజును త్రోసిపుచ్చవచ్చునని రిజిస్ట్రేషను చట్టం 20వ సెక్షనులో ఉంది. దిద్దినది కనబడాలి, దానిని ఒప్పుకొన్న మనిషి కూడా కనబడాలి. ఈమెయిలులో ఈ రెండూ కనబడవు. అవతలివారికి చేరేది చివరి రూపమొక్కటే.

మన బ్రౌనుదొర 1820లో కడపకు వచ్చి, తరువాత అక్కడి బంగళాలో పండితులనూ వ్రాయసగాళ్ళనూ పెట్టుకొని, ఒకే కావ్యానికి దొరికినన్ని వ్రాతప్రతులు తెప్పించి ఒకదానితో ఒకటి పోల్పించిన సంగతి చదివినవారికి తెలుసు. ఆయనకు అసలు ప్రతి అంటూ దొరకదు, కవి ఎప్పుడో గతించాడు, అడుగుదామంటే లేడు. మాకు ఆ కష్టం లేదు. కవిగారు ఎదురుగా కుర్చీలో కూర్చొని కాఫీ త్రాగుతున్నారు.

అందువల్ల తాతా మనుమరాలూ ఇద్దరినీ దగ్గర కూర్చోబెట్టుకొని, మారిన ఏడు చోట్లా సరిచేశాము. మేము పాత ఇంగ్లీషును తిరిగి పెట్టలేదు. పాత సంగతిని కొత్త ఇంగ్లీషులో పెట్టమని ఆ అమ్మాయినే కోరాము. “యు ఓన్లీ పెయిడ్” తిరిగి పెడితే అద్దెవారికి మళ్ళీ రెండర్థాలు తోస్తాయి. “ఆ బిల్లు చెల్లించవలసింది నేను, చెల్లించింది మీరు, ఆ సొమ్ము డిపాజిట్టుతో కలిపి ఇస్తాను” అనే అర్థంతో మూడు చిన్న వాక్యాలు వ్రాసింది. గదులను పేరుపేరునా చెప్పింది. తనిఖీకి వారం అని కాక, 12వ తేదీకి బదులు 5వ తేదీ, గురువారం అని వ్రాసింది. ఇలా దిద్దినవాటిని కూడా మళ్ళీ మొదటి నుండి మా కాగితంతో పోల్చాము. దిద్దుబాటుకు చేసిన దిద్దుబాటులో కొత్త తప్పు దూరటం ఆఫీసులలో నిత్యం చూచేదే. ఈసారి ఒకటి దొరికింది. మే 28 వాక్యం తిరిగి వచ్చింది గాని, ఫోను చేసింది ఎవరో లేదు. “నేను” అని చేర్చింది.

గొట్టం సంగతి ఒక్కటి మిగిలింది. ప్లంబరు సరిగా ఏమన్నాడో పెద్దాయనకు కూడా రూఢిగా జ్ఞాపకం లేదు. అక్కడికక్కడే అతనికి ఫోను చేశారు. “జరిపేటప్పుడు అయి ఉంటుంది అన్నాను సార్, నేను కళ్ళారా చూడలేదు,” అన్నాడతను కన్నడంలో. ఆ మాటనే, అతను చెప్పినట్లుగానే, “చూడలేదు” అన్న ముక్కతో సహా వ్రాయించాము. సాయంత్రం నాలుగు గంటలకు ఉత్తరం వెళ్ళింది. అసలు, దిద్దినది, పంపినది మూడూ ఒకే దారంతో కుట్టి ఆయన బీరువాలో పెట్టుకొన్నారు.